ఎడమ కాలితో ఎడమ చెయ్యి

నాకు కానిస్టేబుల్ ఉద్యోగం పొడుగు వల్లే వచ్చిందని మా ఇంట్లో నమ్మకం. పరీక్ష కూడా రాశానని గుర్తుచేస్తే "అదీ ఉందిలే" అంటారు. ఆ పొడుగే శిక్షణ మొదటి వారాల్లో నా కొంప ముంచింది. విశాఖ శివారులోని మా మైదానంలో పొడుగువాణ్ణి ముందు వరసలో కుడి చివర నిలబెడతారు. మిగతావాళ్లు అతన్ని చూసి వరస సరిచేసుకోవాలి. నేనేమో ఎడమ కాలితో పాటు ఎడమ చెయ్యే ఊపేవాణ్ణి. అంతవరకూ బతుకంతా సరిగ్గానే నడిచినవాణ్ణి, అడుగు వెయ్యమని "తేజ్ చల్" అన్న కేక వినగానే నడకే మరిచిపోయేవాణ్ణి.

ఆ వారాల్లో తుపాకీ ముట్టనివ్వలేదు. కదలకుండా నిలబడడం, కేకకు తిరగడం, బూట్లు మెరిపించడం, దుప్పటి మడత పెట్టడం, అంతే. ముక్కు మీద ఈగ వాలినా తోలకూడదు. దొంగల్ని పట్టుకుందామని వచ్చి ఈగలకు లొంగిపోయాం.

శనివారం తనిఖీలో మా స్క్వాడ్ నడక బాగుంటేనే ఆదివారం బయటికి వదులుతామన్నారు. నా వెనక నిలబడే స్నేహితుడికి గాజువాకలో పాప పుట్టింది. ఇంకా చూడలేదు.

"బావా, నా కూతురి మొహం సూడ్డం నీ సేతిలో ఉంది" అన్నాడు.

"ఏ సేతిలో?"

"అదేరా నీకు తెలీంది!"

ఉక్రోషం కొద్దీ డ్రిల్ సార్‌నే అడిగేశాను. "సార్, దొంగలు లెఫ్ట్ రైట్ కొట్టుకుంటూ పారిపోరు కదా, మనకెందుకండీ ఇది?"

సార్ తిట్టలేదు, తాడు తెప్పించారు. సగంమందిమి తాడు అడ్డంగా పట్టుకున్నాం, మిగతా సగం ఎదురుగా గుంపులా నిలబడ్డారు. తాడుతో గుంపును వెనక్కి జరపమన్నారు. ఎవడి నడక వాడిది కావడంతో తాడు పాములా వంకర్లు పోయింది. వదులైన చోట దూరి నా స్నేహితుడు దర్జాగా ఇవతలికొచ్చేశాడు. ఈసారి సార్ "ఎడమ, కుడి" అని కేకేస్తుంటే అడుగు కలిపాం. తాడు తిన్నగా సాగింది, గుంపు వెనక్కి జరిగింది.

"పూర్వం యుద్ధాల్లో వరస సెదరకుండా నడిసీవోరు. ఇప్పుడా యుద్ధాలు లేవు గానీ, సింహాచలం అప్పన్న కొండ మీద జనం ఉన్నారు. ఆ తోపులాటలో ఆలోసించుకోడానికి టైముండదు. కేక ఇనగానే అందరి కాలూ ఒకేసారి లేవాల" అన్నారు సార్.

తాడు పట్టుకున్నంతసేపూ నా నడక అద్భుతం. తనిఖీకి తాడు ఇవ్వరట.

"సేతులు ఊపకు. టీ కొట్టుకెల్తన్నట్టు నడు, అవే వస్తాయి" అన్నారు సార్.

శనివారం మొదటి అడుగుకే ఎడమ చెయ్యి లేచింది. వెనక నుంచి "టీ, బావా, టీ!" అని గుసగుస. చేతులు వదిలేసి, బూట్ల చప్పుడు వింటూ నడిచాను. కాసేపటికి కుడి చెయ్యి తనంతట తనే ఎడమ కాలికి జతకట్టింది. తనిఖీకి వచ్చిన అధికారి చివరిదాకా చూసి, స్క్వాడ్‌కి సెలవు, పొడుగాయనకి ప్రాక్టీసు అని తేల్చారు.

ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కాతో బయల్దేరిన స్నేహితుడు మైదానం పక్కన ఆగి నన్ను చూశాడు.

"ఎల్లొత్తాను బావా. పాపకి నీ నడక రాకూడదని అప్పన్నకి మొక్కుకుంటాను."