డన్ గడిలో తొమ్మిది పనులు

నోయిడాలోని మా ఆఫీసులో రెండు వారాలకొకసారి ఒక పరీక్ష ఉంటుంది. ఆ రెండు వారాల్లో పూర్తయిన పనుల్ని, మా సాఫ్ట్‌వేర్ వాడబోయేవాళ్ల ఎదుట నడిపి చూపించాలి. దాన్నే స్ప్రింట్ రివ్యూ అంటాం. అప్పుడు ఢిల్లీలోని ఒక ఆసుపత్రికి, నర్సులు డ్యూటీ అప్పగించుకునే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నాం. టీమ్ లీడ్‌ని నేనే. పని పూర్తవడమంటే ఏమిటో కొత్తవాళ్లకి గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలిగినవాణ్ని. ఇచ్చేవాణ్ని కూడా. పాపం, వాళ్లు ఫోను చూసుకోకుండా వినేవారు.

రివ్యూ రేపనగా పొద్దున్నే కంప్యూటర్లో మా పనుల బోర్డు తెరిచాను. అయిపోయినవి పెట్టే డన్ అనే గడిలో తొమ్మిది పనులున్నాయి. తొమ్మిదింటి పేర్లూ కాగితం మీదికి ఎక్కించి, డెమో సిద్ధమైపోయిందనుకుని టీకి లేచాను.

పక్క సీట్లో మా టెస్టర్ ఉంది. ఘాజియాబాద్ నుంచి వచ్చే హిందీ అమ్మాయి. ఎవరినీ ఊరికే మెచ్చుకోదు. కాగితం అందుకుని చూసింది.

"అచ్ఛా సర్, వీటిల్లో డెమో సర్వర్ మీద మీరు నడిపి చూసినవెన్ని?" అని హిందీలో అడిగింది.

"అన్నీ డన్‌లోనే ఉన్నాయి కదా!"

"రేపు బోర్డు చూపిస్తారా, సాఫ్ట్‌వేర్ చూపిస్తారా?"

టీ మానేసి కూర్చున్నాను. ఇద్దరం ఒక్కొక్కటే తీశాం. రెండు పనుల్లో తెర మీద చూపించడానికి ఏమీ లేదు. లోపల మరమ్మతులు మాత్రమే. వాటికి ఒక్కో మాట చెబితే చాలనుకున్నాం. మందు వేళ దాటితే పేషెంట్ పేరు ఎర్రగా మారే పని అసలు రేపు చూపించాల్సిన డెమో సర్వర్‌కే ఎక్కలేదు, రాసినవాడి ల్యాప్‌టాప్‌లోనే ఉంది. అతన్ని పిలిచి, నా ఉపన్యాసంలో సగం మళ్లీ వినిపించాను. అతను తల వంచుకుని వెళ్లి సర్వర్‌కి ఎక్కించే పనిలో పడ్డాడు.

"ఇది మీరు రాసింది కదా సర్? చూద్దామా?" అంది టెస్టర్.

"ఇది నేనే రాశాను. వదిలెయ్."

వదల్లేదు. నేను రాసింది ఇదీ: నర్సు డ్యూటీ దిగేటప్పుడు, వేళ దాటినా ఇంకా ఇవ్వని మందుల జాబితా తర్వాతి నర్సుకి కనిపించాలి. పది గంటలకి ఇవ్వాల్సిన మందులు మూడు, ఇవ్వనట్టుగా ఎక్కించాం. అప్పటికి టైము పదకొండున్నర. బటన్ నొక్కాను. ఖాళీ జాబితా. మళ్లీ నొక్కాను, ఈసారి కాస్త గట్టిగా.

వెతికితే తేలింది. సర్వర్ గడియారం గ్రీనిచ్ టైములో, మన గడియారం కంటే అయిదున్నర గంటలు వెనక నడుస్తోంది. దాని లెక్కలో ఇంకా ఆరే. పదింటి మందు ఆలస్యమైనట్టు దానికెలా తెలుస్తుంది? నేను చూసుకున్నది నా ల్యాప్‌టాప్‌లో. అది మన టైమే.

ఇక్కడ నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగానే ఉంది. మందుల వేళని తెల్లవారుజామున నాలుగుకి మార్చేశాను. జాబితా చక్కగా నిండింది.

"చూశావా, వచ్చింది!"

ఆమె తెర వైపు చూసింది, నా వైపు చూసింది. "నాలుగింటి మందు పదకొండున్నరదాకా ఎందుకివ్వలేదని నర్సులు అడిగితే?"

మందుల వేళని మళ్లీ పదికి మార్చాను. సరిదిద్దడం చిన్న పనే, కానీ ఆ టైము లెక్క ఇంకెన్నిచోట్ల ఉందో చూసుకోవాలి, అన్నీ మళ్లీ పరీక్షించాలి. ఒక్క పూటలో అయ్యేది కాదు. నా పనిని నా చేత్తోనే డన్ గడిలోంచి వెనక్కి లాగాను. ఎర్ర పేర్ల కుర్రాడు అప్పుడే వచ్చి, తనది ఎక్కిందని చెప్పి, బోర్డు వైపు చూశాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అతను టైము లెక్కలో నా తప్పు చెయ్యలేదు. మొదటిసారే సరిగ్గా నడిచింది.

మర్నాడు ఆసుపత్రి తరఫున నర్సింగ్ సూపరింటెండెంట్ వచ్చారు. బాపట్ల వైపు ఆవిడ, ముప్పయ్యేళ్లుగా ఢిల్లీలో ఉంటున్నారు. ఆరు పనులు చూపించాం. ఏడోదాని దగ్గరికొచ్చాక హిందీలో మొదలుపెట్టాను.

"మేడమ్, ఇది నాది. అయిపోయిందనుకున్నాను. అవలేదు. టైము లెక్క తప్పుతోంది."

మా మేనేజర్ ముఖం చిట్లించారు. నేను తెలుగువాణ్నని తెలిసిన ఆవిడ మాత్రం అందరి ముందూ తెలుగులోకి దిగిపోయారు.

"మా వార్డులో మందు మింగించాకే చార్టులో సంతకం పెడతాం బాబూ. ముందే పెట్టేసిందంటే ఎంత సీనియర్ నర్సయినా నా చేతిలో తిట్లు తినాల్సిందే."

"ఇప్పుడు నన్ను తిడుతున్నారా మేడమ్?"

"లేదులే. నువ్వే చెప్పావుగా," అని, ఎర్రగా మారే పేర్ల తెరని మళ్లీ పెట్టమన్నారు. వార్డులో దూరం నుంచి అక్షరాలు కనిపించవని, పెద్దవి చెయ్యమని చెప్పారు.

తెలుగు రాని మేనేజర్, మీటింగయ్యాక నన్ను పక్కకి పిలిచారు. "తెలుగులో ఏమన్నారు? సంతోషించారా?"

"జీ సర్. మన పద్ధతి గురించి మాట్లాడారు," అన్నాను.