కాలిన మోటారుకు దుడ్లు వాపసు

నా దుకాణంలో నిలబడి, పదిమందీ వినేలా నన్ను మోసగత్తె అన్నవాడికి నేనే టీ తెప్పించాను.

బుక్కరాయసముద్రంలో మాది బోరు మోటార్ల అంగడి. అతను పదేళ్లుగా మా దగ్గరే కొనే రైతు. నెల కిందట తీసుకుపోయిన మోటారును, స్టార్టరు డబ్బాతో సహా ఆటోలో తెచ్చి గడపలో పడేశాడు.

"ఏమక్కా, ఇట్లాంటిది అంటగట్టినావే! నెలకే కాలిపోయినాది. నా దుడ్లు నాకియ్యి. లేదంటే మా ఊర్లో ఒక్కడు కూడా నీ అంగడి మెట్టెక్కడు."

వట్టి బెదిరింపు కాదది. ఆ ఊరివాళ్లు రాకపోతే ఈ అంగడి నిలవదు. నాలుగు మాటలు నోటిదాకా వచ్చాయి. మింగేశాను. "కూర్చో అన్నా, నీ ముందరే విప్పి చూద్దాం" అన్నాను.

స్టార్టరు మూత తీసేసరికి ఒళ్లు మండిపోయింది. బోర్లో నీళ్లు తగ్గగానే మోటారును ఆపే పరికరం ఒకటి బిగించి ఇచ్చాం. దాని వైర్లు పీకి, నేరుగా కలిపేశాడు. మా మెకానిక్ పంపు విప్పితే లోపలి చక్రాలు కరిగి అతుక్కుపోయి ఉన్నాయి. నీళ్లు లేకుండా తిరిగిన మోటారు అది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా నాదట!

ఆ వైర్లు అతనికి చూపించి, గొంతు పెంచకుండా చెప్పాను. "అన్నా, దుడ్లు వాపసియ్యలేను. నీళ్లు లేకుండా తిప్పితే కంపెనీ గ్యారంటీ ఇయ్యదు. నా చేతిలో ఉండేది చేస్తా. కాలిన తీగ తీసేసి కొత్త వైండింగ్ కట్టిస్తా, మా కూలి వద్దు, సామాను ఖర్చు పెట్టుకో. అంతవరకూ నా దగ్గరుండే పాత మోటారు తీసుకపో."

"అది ఊరికూరికే మోటారును ఆపేస్తాండాదక్కా, అందుకే పీకినా."

"నీళ్లుంటే ఎందుకు ఆపుతాది?"

అతను టీ గ్లాసు కింద పెట్టి, మెల్లగా అన్నాడు. "పాత మోటారు వద్దక్కా. బోరు ఎండిపోయినాది. ఇంట్లో చెప్పలేక, మోటారు మంచిది కాదన్నా. దుడ్లు తీసుకపోతే నమ్ముతారనుకున్నా."

నా కోపం చల్లారలేదు, ఇంకా పెరిగింది. ఒట్టిపోయిన బోరుకు నన్ను దొంగను చేశాడు మరి! అదే అన్నాను. "నిజమే, తప్పయింది" అని లేచి, ఫోను కలిపి నా చేతిలో పెట్టాడు. "ఇంట్లో మా ఆమె. మోటారుదే తప్పని చెప్పక్కా. దుడ్లు అడగను."

అవతల ఆమె అడుగుతోంది. "మోటారు బాగయితాదా అక్కా? చెట్లు వాడిపోతాండాయి."

అబద్ధమాడనని అతనికి సైగ చేశాను. ఆమెతో మాత్రం బోరు మాట ఎత్తకుండా, "మోటారు వైండింగ్‌కు పోతాండాదమ్మా. వారం పడతాది" అన్నాను.