ఉపోద్ఘాతం గారి పది నిమిషాలు

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని ఉపోద్ఘాతం గారంటారు. మొహం మీద అనరు గానీ ఆయనకు తెలుసు. ఫిజియోథెరపీ విభాగానికి ఆయనే పెద్ద. విరిగి అతికిన తుంటి ఎముకలు, బిగుసుకుపోయిన మోకాళ్ళు, పక్షవాతంతో పడిపోయిన చేతులు అన్నీ ఆయన దగ్గర దారికొస్తాయి. మాట మాత్రం దారికి రాదు. టైమెంతయిందని అడిగితే ఆ గడియారం ఎక్కడ కొన్నాడో అక్కణ్ణుంచి ఎత్తుకుంటాడు. పెళ్ళి చేసుకుంటావా అని అడగడానికి ఎంతసేపు తీసుకున్నాడంటే, ఆవిడ విసిగిపోయి, "సరే, చేసుకుంటాను, ముందు టీ తాగండి, చల్లారిపోతోంది" అందట. ఈ సంగతి ఆవిడే అందరికీ చెబుతుంది.

అలాంటి మనిషికి ఒక చిక్కొచ్చి పడింది. కింద అంతస్తులో ఉన్న ఫిజియోథెరపీ గదిని రెండో అంతస్తుకు మార్చి, ఆ చోటులో మందుల దుకాణం పెద్దది చేద్దామని పైవాళ్ళు ప్లాను గీయించారు. శుక్రవారం డైరెక్టర్ గారు సంతకం పెడతారు. ఆ మర్నాడే గోడ పగలగొట్టడానికి మనుషులొస్తారు. ఆ భవనంలో లిఫ్టు వారానికోసారైనా అలుగుతుంది. అలిగిన రోజున కర్రల మీద వచ్చే రోగి పైకెలా వెళ్తాడన్నది ప్లాను గీసినవాళ్ళకు తట్టలేదు. వాళ్ళకు కాళ్ళు బాగానే ఉన్నాయి.

డైరెక్టర్‌ని కలవాలంటే పీఏ గారికి మెయిల్ పెట్టాలి. పీఏ అంటే మెత్తగా మాట్లాడే మనిషి. ఎవర్నీ కసురుకోడు, ఎవర్నీ లోపలికి పంపడు. ఉపోద్ఘాతం రెండు సాయంత్రాలు కూర్చుని మెయిల్ రాశాడు. తాను ఆసుపత్రిలో చేరిన కొత్తల్లో ఆ గది ఎలా ఉండేదో, కిటికీలు ఎటు వైపుకో, నడక నేర్పే కడ్డీలు ఎవరు చేయించారో, అన్నీ రాశాడు. చిట్టచివర, "తమ అమూల్యమైన సమయంలో వీలున్నప్పుడు కాస్త అవకాశం ఇప్పించగలరని ప్రార్థన" అన్నాడు. విషయం అని రాసే చోట "నమస్కారం" అని పెట్టాడు.

జవాబు రాలేదు. మొదటిది పొడుగైనందుకు క్షమాపణ కోరుతూ రెండోది రాశాడు. అది ఇంకా పొడుగైంది. దానికీ ఉలుకూ పలుకూ లేదు. వీలున్నప్పుడు ఇప్పించమన్నాడు కదా, వీలు లేదు, అంతే.

మంగళవారం పొద్దున లిఫ్టులో డైరెక్టరూ, పీఏ గారూ ఎదురయ్యారు. డైరెక్టర్ చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నారు. ఉపోద్ఘాతం పీఏ వెనక నించున్నాడు. అవతలి మనిషి మాట్లాడుతున్నంతసేపూ డైరెక్టర్ వింటూ ఉంటే, ఆ సందులో పీఏ తన ఫోన్ చూసి ఒక్కో ప్రశ్న అడుగుతున్నాడు.

"సర్, స్కానింగు మిషను వాళ్ళు రేపు పదిహేను నిమిషాలు అడుగుతున్నారు. ధర రేపే చెప్పాలట."

"ఊఁ, ఇవ్వు."

"నర్సుల కాలేజీ వాళ్ళు సభకు పిలుస్తున్నారు, వచ్చే నెల."

"వద్దు."

తర్వాత తెరమీదకు తన మెయిలే వచ్చింది. ఉపోద్ఘాతం మెడ సాచి చూశాడు. పీఏ బొటనవేలు కిందికి జరిగింది. ఇంకా కిందికి జరిగింది. కిటికీలు పోయాయి, కడ్డీలు పోయాయి. అసలు ముక్క దొరక్కుండానే తలుపు తెరుచుకుంది. పీఏ ఏమీ అడగలేదు. అడగడానికి అందులో ప్రశ్న కనిపిస్తే కదా.

ఫోను దించిన డైరెక్టర్ వెనక్కి చూశారు. "సర్, నమస్కారం. నేను ఈ ఆసుపత్రిలో చేరిన కొత్తల్లో..." అన్నాడు ఉపోద్ఘాతం. "పీఏ గారికి రాయండి" అని డైరెక్టర్ వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య ముందు ఫోన్ పెట్టాడు.

"నేను రాసేది పీఏ చదవడానికి కాదే. లిఫ్టు రెండంతస్తులు ఎక్కేలోగా ఆయన డైరెక్టర్‌ని అడగడానికి."

"మరి ఆయన నోట్లో పట్టేంత రాయండి" అందావిడ. ఆవిడ మొదటి మెయిలు పైకి చదవడం మొదలుపెట్టింది. ఊపిరి ఆడనప్పుడల్లా ఆగి ఆయన వంక చూసేది.

"అసలు విషయం ఎప్పుడొస్తుందండీ?"

"వస్తుంది, కంగారు పడకు."

"నేను కాదు, ఆ పీఏ కంగారు పడేది."

కిటికీలు కొట్టేశారు. ఆయన చేరిన సంవత్సరం కొట్టేశారు. కడ్డీల దగ్గర మాత్రం ఆయన మొండికేశాడు. ఆ కడ్డీలు పట్టుకుని మొదటి అడుగు వేసి ఏడ్చినవాళ్ళందర్నీ ఆయన చూశాడు. వాళ్ళతోపాటు తనూ ఏడ్చాడు, ఎవరికీ కనబడకుండా. వాటిని కొట్టేస్తుంటే నిజంగానే బాధేసింది. "అవి లోపలికెళ్ళాక చెప్పండి, ముందు లోపలికెళ్ళండి" అందావిడ. ఇక మిగిలింది "తమ అమూల్యమైన సమయం".

"ఇది ఉండనీ. మర్యాద."

"ఆ మర్యాద చదవడానికే ఆయన అమూల్యమైన సమయం కాస్తా పోతోంది."

అదీ పోయింది. చివరికి ఇది తేలింది:

"విషయం: ఫిజియోథెరపీ గది మార్పు - శుక్రవారం సంతకానికి ముందు డైరెక్టర్ గారితో పది నిమిషాలు.

పీఏ గారికి నమస్కారం. ఫిజియోథెరపీ గది రెండో అంతస్తుకు మారితే, లిఫ్టు ఆగిన రోజున నడవలేనివాళ్ళు నడక నేర్చుకోవడానికి మెట్లెక్కాలి. ఖర్చు పెరగని వేరే దారి ఉంది. ఒక పేజీలో రాసి జతచేశాను. సంతకానికి ముందు పది నిమిషాలు ఇప్పించండి. బుధవారం మధ్యాహ్నం గానీ గురువారం ఎప్పుడైనా గానీ వస్తాను."

కింద తన పేరు, హోదా, ఫోన్ నంబరు. పంపాక ఆయనకు బట్టల్లేకుండా వీధిలో నించున్నట్టు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే జవాబొచ్చింది: "గురువారం పదకొండున్నరకు, పది నిమిషాలు. ప్లాను కాగితం తెచ్చుకోండి. మీతో ఇంకెవరైనా వస్తారా?" ఆయన "ఒక్కణ్ణే" అని రాసి, ఎందుకు ఒక్కడే వస్తున్నాడో వివరించబోయి, చెరిపేశాడు.

గురువారం గదిలోకి వెళ్ళేసరికి ఆ ఒక పేజీ డైరెక్టర్ ముందు ఉంది.

"రికార్డుల గదిని పైకి పంపి, ఆ చోటు మందుల దుకాణంలో కలపమంటారు. అంతేనా?"

"అంతే సర్. రికార్డులకు నడక అక్కర్లేదు."

డైరెక్టర్ ప్లాను మీద రెండు గీతలు గీశారు. ఉపోద్ఘాతం దాచుకుని తెచ్చిన కడ్డీల కథ గొంతులోనే ఉండిపోయింది. బయటికొస్తే పీఏ గోడ గడియారం చూశాడు.

"ఇంకా ఆరు నిమిషాలున్నాయండీ."

"అవి మీరే ఉంచుకోండి" అన్నాడాయన.

ఆ మాటకు పీఏ ఏదో అడగబోయినట్టు నోరు తెరిచాడు. ఈలోగా ఫోన్ మోగింది.

శనివారం ఉపోద్ఘాతానికి పీఏ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. విషయం అన్నచోట "నమస్కారం" అని ఉంది. తన తల్లి ఎవరిమీదా ఆధారపడని మనిషని, తండ్రి పోయాక ఒక్కతే తనను పెంచిందని, ఊళ్ళో ఆవిడ నడకను అందుకోవాలంటే మగవాళ్ళు పరిగెత్తేవాళ్ళని రాశాడు. ఆ నడక గురించే ఒక పేరా ఉంది. ఆవిడ స్నానాలగదిలో జారిపడిందని, తుంటికి ఆపరేషనయిందని, ఇప్పుడు లేచి నించోమంటే వణికిపోతోందని, తను ఆ వణుకు చూడలేకపోతున్నాడని తర్వాతెప్పుడో వచ్చింది. చిట్టచివర, "తమ అమూల్యమైన సమయంలో వీలున్నప్పుడు కాస్త అవకాశం ఇప్పించగలరని ప్రార్థన" అని ఉంది.

ఉపోద్ఘాతం ఒక్క అక్షరం వదలకుండా చదివాడు. మళ్ళీ మొదటికొచ్చి ఆ నడక పేరా ఇంకోసారి చదివాడు. తర్వాత జవాబు రాశాడు.

"మంగళవారం పదింటికి అమ్మగారిని తీసుకురండి. కింది గదే, మెట్లెక్కక్కర్లేదు. ఆవిడ గురించి రాయకుండా మిగిలింది ఉంటే వచ్చాక చెప్పండి. నాకు టైముంది."