అద్దంకి అని రాయనా?

గురువారం పదకొండింటికి ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఎవరెవరు ఎక్కడి నుంచి పనిచేస్తున్నారో సాయంత్రం ఐదులోపు తెలపాలి. అద్దె ఒప్పందం కాపీ జతచేయాలి. ఫెబా దాన్ని రెండుసార్లు చదివింది.

ఆమెది బెంగళూరు కంపెనీలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని. ఇంటి నుంచి చేయవచ్చన్నారు. రెండేళ్ల క్రితం ఆ ఇల్లే బెంగళూరు నుంచి అద్దంకికి, టీచరుగా పనిచేసే అక్క ఆరాధన ఉన్న వీధికి మారింది. ఆ సంగతి మాత్రం కంపెనీకి చెప్పలేదు. చేతికొచ్చే అరవై రెండు వేలలో అక్కడ యాభై రెండు ఖర్చయ్యేది. ఇక్కడ అద్దె ఆరు వేలు, అన్నీ కలిపి ఇరవై రెండు దాటదు. నెలకు నలభై వేలు మిగిలేవి. ఇంటిస్థలం కొనాలని అవన్నీ దాస్తోంది.

బెంగళూరులోని స్నేహితురాలు సాజిదాకు ఫోన్ చేసింది.

"దీనికింత కంగారెందుకే? మా ఇంటి అగ్రిమెంట్‌లో నీ పేరు చేర్చి పంపిస్తాలే," అంది సాజిదా.

మూడున్నరకు ఆ కాపీ వచ్చింది. బడి నుంచి వచ్చిన ఆరాధన తెరమీద దాన్ని చూసి నిలబడిపోయింది.

"ఇది దొంగ కాగితం కదే!"

"నిజం చెబితే చిన్న ఊరని జీతం కోస్తారక్కా. ఉద్యోగమే పోవచ్చు."

"ఇది పంపి దొరికిపోతే? నీతోపాటు ఆ పిల్లా ఇరుక్కుంటుంది."

నాలుగూ నలభైకి ఫెబా ఆ కాపీని తీసేసి, మేనేజరు రామకాంత్‌కు ఫోన్ కలిపింది. ఉన్నదున్నట్టు చెప్పింది.

"రెండేళ్లా?" అన్నాడు రామకాంత్. "మీ పనికి వంక పెట్టలేను ఫెబా. కానీ ఇది నా చేతిలో లేదండి. ఫారంలో నిజమే రాయండి. నిర్ణయం హెచ్ఆర్ వాళ్లది."

అద్దంకి అని రాసి పంపింది. శుక్రవారం కబురు లేదు. శని, ఆదివారాలు అన్నం సయించలేదు. చర్చిలో పాట మధ్యలో కూడా ఫోన్ తడుముకుంది.

సోమవారం జవాబు వచ్చింది. చెప్పకుండా మారినందుకు లిఖితపూర్వక హెచ్చరిక. చిన్న పట్టణాల లెక్కన వచ్చే నెల నుంచి చేతికి యాభై రెండు వేల ఏడు వందలే. ఉద్యోగం మాత్రం ఉంది.

"తొమ్మిది వేల పైనే పోయిందక్కా," అంది ఫెబా, కళ్లు తుడుచుకుంటూ.

"పోతే పోయింది. ఇంకా ముప్పై వేలు మిగులుతాయిగా? ఆ ఊళ్లో నిండు జీతంతో ఎంత మిగిలేది నీకు?"

"పది."

స్థలం కొనడం మరో ఏడాది వెనక్కి జరిగినట్టే. మర్నాడు మధ్యాహ్నం ఫెబా బ్యాంకుకు వెళ్లి, నలభై వేల నెలవారీ డిపాజిట్ ఆపించి, ముప్పై వేలకు కొత్తది రాయించింది. చిరునామా గడిలో అద్దంకి అని పెద్ద అక్షరాలతో రాసింది.