రామసుబ్బమ్మ కొత్త కంప్యూటరు నేర్చుకున్న తీరు

ప్రొద్దుటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఓపీ కౌంటరంటే ఇరవై ఆరేళ్లుగా రామసుబ్బమ్మే. జమ్మలమడుగు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, ఎనిమిదిన్నరకల్లా కుర్చీలో ఉండేది. చెవిదగ్గర ఫోను, చేతిలో పెన్ను, ఎదురుగా రోగి. మూడూ ఒకేసారి నడిపేది. ముఖం చూడగానే ఊరూ, ఇంటిపేరూ, చూపించుకునే డాక్టరూ చెప్పేసేది.

ఆమెకు యాభై ఎనిమిదో ఏడు నడుస్తుండగా ఆసుపత్రికి కొత్త సాఫ్ట్‌వేరు వచ్చింది. నేర్పడానికి పులివెందుల నుంచి మైమూన్ అనే పాతికేళ్ల అమ్మాయి వచ్చింది.

“ఈడ నొక్కి, ఇది ఎంచుకుని, సేవ్ కొడితే అయిపాయ. అర్థమైందా అక్కా?”

“ఏంది పాపా, యాడ నొక్కినావు? నేను మొదటిది చూసేలోగా నువ్వు మూడోదానికి పోతాండావు.”

మైమూన్ మళ్లీ చూపించింది. అదే వేగంతో.

ఆ సోమవారం జనం బాగా వచ్చారు. రామసుబ్బమ్మ ఒకాయన వివరాలు ఎక్కిస్తుంటే ఫోను మోగింది. మాట్లాడి పెట్టేసి తెర వైపు చూస్తే, తను ఎక్కడ ఆగిందో అంతుపట్టలేదు. వెతుక్కునేలోగా వరసలో వెనకున్నావిడ ఏదో అడిగింది. ఆ గందరగోళంలో ఒకరి వయసు ఇంకొకరి పేరు మీద పడింది. నర్సు చూసి వెంటనే దిద్దింది కాబట్టి సరిపోయింది. మధ్యాహ్నం బీమా ఫారం ముందేసుకుంది. ఒకప్పుడు ఇలా చూసి అలా నింపేసేది. ఇప్పుడు వేలు పెట్టి ఒక్కో గడీ రెండుసార్లు చదవాల్సి వచ్చింది. గుండెలో భయం మొదలైంది.

అన్నం కూడా తినకుండా డాక్టర్ స్వర్ణలత గదికి వెళ్లింది.

“మేడం, నాకు మతిమరుపు జబ్బు మొదలైనట్టుండాది.”

డాక్టరు తేలిగ్గా కొట్టిపారేయలేదు. దారి తప్పుతున్నారా, తెలిసిన వంట మర్చిపోతున్నారా అని అడిగింది. అలాంటివేవీ లేవు. చూపు, వినికిడి పరీక్షించి, థైరాయిడ్, బీ12 పరీక్షలకు రక్తం పంపింది. ఐదు మాటలు చెప్పి గుర్తుంచుకోమంది. తర్వాత ఏ అంకెకు ఏ గుర్తో పైన చూసి, కిందున్న అంకెలకు ఆ గుర్తులు వేసే కాగితమిచ్చి గడియారం చూసింది. రామసుబ్బమ్మ టైములోపు వేసినవి కొన్నే, కానీ ఒక్కటీ తప్పు లేదు. ఐదు మాటలూ తిరిగి చెప్పేసింది.

రెండు రోజులకు రక్తపరీక్షల రిపోర్టులూ బాగానే వచ్చాయి.

“ఇది జబ్బులా లేదమ్మా,” అంది డాక్టరు. “వయసు పెరిగేకొద్దీ చూసిందీ విన్నదీ గ్రహించి బదులిచ్చే వేగం అందరికీ మెల్లగా తగ్గుతుంది. నేర్చుకున్నవి మాత్రం ఉంటాయి. ఫోను నుంచి తెరకూ, తెర నుంచి మనిషికీ మనసు మళ్లించిన ప్రతిసారీ కొంత టైము పోతుంది. ఇప్పుడు మీకది ఇంకాస్త ఎక్కువ. తొందరపెడితే తప్పులొస్తాయి. టైమిస్తే సరిగ్గా చేస్తారు. రోజువారీ పనులు తప్పుతుంటే మాత్రం మళ్లీ రండి.”

రామసుబ్బమ్మ తేలికపడింది. తిన్నగా మైమూన్ దగ్గరికి నడిచింది.

“పాపా, ఇంక నువ్వు నొక్కొద్దు. మౌసు నాకియ్యి. నేను నొక్కుతా, నువ్వు చూడు. రోజుకు ఒక్క తెర సాలు.”

మైమూన్‌కు విషయం అర్థమైంది. అక్షరాలు పెద్దవి చేసింది. అక్కర్లేని గడులు కనపడకుండా దాచింది. ఫోనెత్తే పని మందులిచ్చే కిటికీలో కూర్చునే జాకీర్‌కు అప్పగించారు. రామసుబ్బమ్మ ఒక నోటుపుస్తకంలో తన మాటల్లోనే మెట్లు రాసుకుంది. మర్నాడు పుస్తకం మూసి, నిన్నటిది మళ్లీ చేసి చూసుకునేది. తట్టకపోతేనే తెరిచేది. మొదటివారం ఒక్కో రోగికి చాలాసేపు పట్టింది. నెల తిరిగేసరికి వేళ్లకు దారి తెలిసింది. మైమూనంత వేగం రాలేదు, ఆ ఊసూ మానేసింది.

ఒకరోజు రద్దీలో మైమూనే కుర్చీలో కూర్చుంది. దువ్వూరు రంగన్న వచ్చాడు. పేరు కొట్టగానే ఇద్దరు రంగన్నలు కనిపించారు. మైమూన్ టక్కున మొదటివాడిని నొక్కింది.

“ఆగు పాపా!” అంది పక్కనే ఉన్న రామసుబ్బమ్మ. “ఈయప్ప ఆ రంగన్న కాదు. ఈయనకు పెన్సిలిన్ పడదు, అది రెండోదాంట్లో రాసుండాది.”

“అవునమ్మా,” అన్నాడు రంగన్న. “ఆ సూది ఏస్తే ఒళ్లంతా దద్దుర్లే!”

మైమూన్ నాలుక కరుచుకుంది. ఆ సాయంత్రమే పేరుతోపాటు తండ్రి పేరూ, ఫోన్ నంబరూ సరిచూడమని అడిగేలా తెర మార్పించింది.

ఆర్నెల్లకు ఆసుపత్రివాళ్లు జమ్మలమడుగులో శాఖ తెరిచి, కౌంటరు వాళ్లకు నేర్పే పని రామసుబ్బమ్మకిచ్చారు. మొదటిరోజు వచ్చిన గోవిందమ్మకు యాభై నాలుగేళ్లు. కీబోర్డును ముట్టుకోవడానికే జంకుతోంది.

“నాకొస్తాదా అక్కా ఇది?”

“వస్తాది. మెల్లగా వస్తాది, శానా బాగా వస్తాది. కూసో,” అంటూ రామసుబ్బమ్మ కుర్చీ ముందుకు జరిపింది.