రాణి ఈగలు, కూలరు కుర్చీ

గుంటూరు మిర్చి యార్డులో తుమ్ములకు కొదవ లేదు గానీ, త్యాగరాజు తుమ్మే వేరు. ఆయన తుమ్మితే ఎదురు దుకాణంలో పేర్చిన టిక్కీల, అంటే మిర్చి బస్తాల, వరసలో పై బస్తా కిందికొచ్చిందని ఒకడంటాడు. ఏటుకూరు రోడ్డు మీద పోతున్న ఆటో, వెనక లారీ హారన్ కొట్టిందనుకుని పక్కకు తప్పుకుందని ఇంకొకడంటాడు. రెండూ నిజమే. నమ్మనివాళ్లు మార్చి నెలలో వచ్చి ఆ దుకాణం గుమ్మం పక్కన ఓ పూట కూర్చోవచ్చు, అడ్డెవరూ లేరు.

వెంకటనారాయణగారి కమీషన్ దుకాణంలో గుమస్తా త్యాగరాజు. ఆయన బల్ల సరిగ్గా గుమ్మం పక్కన. తేజ రకం బస్తా ఒక్కటి దించినా ఆ ఘాటు ముందుగా పలకరించేది త్యాగరాజు ముక్కునే. లోపల, వెనక కిటికీ కింద, కూలరు ముందు ఒక కుర్చీ ఉంది. పెద్ద గుమస్తా శివరామకృష్ణగారు ఇరవయ్యేళ్లు ఆ కుర్చీలో ఒక్క తుమ్మూ తుమ్మకుండా కూర్చుని, మొన్ననే రిటైరై సత్తెనపల్లి వెళ్లిపోయారు. కుర్చీ ఖాళీ. దానికి ఇద్దరు అభ్యర్థులు: ఒకరు త్యాగరాజు, రెండోవారు రాగసుధ. రాగసుధ బిల్లులు కొట్టే అమ్మాయి. తుమ్మదు గానీ కళ్లు మండుతాయి, సాయంత్రానికి జడలోంచి ఓ గుప్పెడు కారం దులపొచ్చు.

"మీలో మీరు తేల్చుకోండి. నా దగ్గరికి మాత్రం పంచాయితీ తేవద్దు" అన్నారు వెంకటనారాయణగారు.

తేల్చుకోడానికి దారి రాగసుధే చెప్పింది.

"బాబాయ్‌గారూ, మీ ఈగల మీద పెట్టుకుందామా పందెం?"

ఈగలంటే తేనెటీగలు. త్యాగరాజుకి లోకంలో రెండే వ్యసనాలు. ఒకటి ఎక్సెల్. ఇంట్లో కందిపప్పు డబ్బాకి కూడా షీటు ఉంది; ఏ రోజుకి ఖాళీ అవుతుందో గ్రాఫు గీసి చూపిస్తుంది. రెండోది ఫోనులో తేనెపట్టు ఆట. దాన్ని ఆట అనడం కూడా ఎక్కువే. చెయ్యాల్సిందేమీ ఉండదు. మొదట్లో తెరను నాలుగుసార్లు తడితే నాలుగు చుక్కల తేనె వస్తుంది. ఆ తేనెతో ఓ ఈగను కొంటే, తర్వాత అదే తెస్తుంది. ఇంకో ఈగ, ఓ గూడు, ఓ తోట. ఒక్కోటి కొన్నప్పుడల్లా దాని తర్వాతి ధర నూటికి పదిహేను పెరుగుతుంది. ఇరవై అయిదు గూళ్లయితే అన్నిటి వేగం రెట్టింపు. ఇక చూస్తూ కూర్చోవడమే. వేలు లక్షలవుతాయి, లక్షలు కోట్లవుతాయి, కోట్లు పేర్లు లేని అంకెలవుతాయి. ఫోను మూసేసినా ఎనిమిది గంటల వరకు ఈగలు పని చేస్తాయి, ఆ పైన నిద్రపోతాయి. "మనిషి ఊరికే కూర్చుంటే పెరిగేది పొట్ట ఒక్కటే అనుకున్నాను, ఇదీ పెరుగుతుంది" అని మురిసిపోయేవాడు త్యాగరాజు. ఏది ముందు కొంటే ఎంతసేపట్లో ధర తిరిగి రాబడుతుందో లెక్కగట్టే షీటు ఒకటి తయారుచేసి, దాన్ని చూసుకుంటూ భోజనం చేసేవాడు. రాగసుధకి ఆ ఆట అంటించింది కూడా ఆయనే.

ఒప్పందం ఇలా కుదిరింది. శుక్రవారం యార్డు మూసేవేళ ఇద్దరూ సున్నా నుంచి మొదలుపెట్టాలి. శని, ఆదివారాలు సెలవు. సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఎవరి దగ్గర తేనె ఎక్కువుంటే కుర్చీ వాళ్లది. తీర్పరి కాటా జక్రయ్య. ఆ దుకాణంలో తూకం వేసేది ఆయనే. ఆయన నోటి నుంచి వచ్చిన తూకాన్ని యార్డులో ఇంతవరకు ఎవరూ మళ్లీ తూయించలేదు. ఈ మధ్య కొందరు దేవుడి దగ్గర కూడా ఆయన్నే పెడితే బాగుండునంటున్నారు.

"నాకా ఈగల సంగతి తెలీదు గుమస్తాగారూ" అన్నాడు జక్రయ్య.

"అంకె చదివితే చాలు."

"అంకె చదవడం నాకు వదిలెయ్యండి."

ఈ ఆటలో ఒక మెలిక ఉంది. ఎంత కూడబెట్టినా ఒక దశ దాటాక ధరలు ముందుకు పరిగెత్తుతాయి, రాబడి వెనకబడుతుంది. అప్పుడు 'గూడు ఖాళీ' అనే మీట నొక్కాలి. నొక్కితే తేనె, ఈగలు, తోటలు అన్నీ పోయి మళ్లీ సున్నా. బదులుగా రాణి ఈగలు వస్తాయి. ఒక్కో రాణి రాబడికి నూటికి పది కలుపుతుంది, ఎప్పటికీ. అయితే రాణులు రెట్టింపు కావాలంటే తేనె నాలుగింతలుండాలి. కాబట్టి ఊరికే ఆగుతూ పోతే లాభం లేదు, సమయం చూసి నొక్కాలి. అదంతా త్యాగరాజు షీటులో ఉంది.

శనివారం పొద్దున షీటు 'నొక్కు' అంది. పోయేది పెద్దగా లేదు గనక నొక్కాడు. నలభై రాణులొచ్చాయి. ఆదివారం మధ్యాహ్నం షీటు మళ్లీ 'నొక్కు' అంది. తెర చూశాడు త్యాగరాజు. ఒకటి పక్కన పదిహేను సున్నాలు. జన్మలో అంత అంకె ఆయన సొంతం కాలేదు. చెయ్యి వెనక్కొచ్చింది.

ఇక్కడ ఆయన్ను తప్పుబట్టేముందు ఆయన పని గుర్తు పెట్టుకోవాలి. ఇరవయ్యేళ్లుగా రైతులకి ఆయన చెప్పే మాట ఒక్కటే: "ధర లేదా? ఏసీలో పెట్టించండి. సరుకు చల్లగా పడుంటుంది, ఇంకో రూపాయి వచ్చాక అమ్ముదురుగాని." ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ. ఆయన చేతి మీదుగా ఏసీలోకి వెళ్లిన మిరపకాయలన్నీ బయటికి తీసి పరిస్తే చిలకలూరిపేట దాకా రోడ్డు ఎర్రబడుతుంది. సరుకు వదులుకోమని ఆయన ఎవరికీ చెప్పి ఎరగడు. ఇప్పుడు తన సరుకునే, అదీ ఒక్క మీటతో, సున్నా చేసుకోవాలి!

"ఇంకాస్త చూద్దాం" అనుకున్నాడు. షీటు మాత్రం అనుకోలేదు.

సోమవారం పొద్దున పది గంటలకి షీటు ఆ గడిని ఎర్రగా చేసి చూపించింది. ఇప్పుడు నొక్కితే ఐదువేల పైచిలుకు రాణులు. ఉన్న సరుకంతా అరగంటలో తిరిగొస్తుంది, ఆ తర్వాతదంతా మిగులు. అరగంట! పకోడీలు తెప్పించుకుని తినేంత సేపు.

అప్పుడే లారీ వచ్చింది. టిక్కీలు దించుతున్నారు. త్యాగరాజు వరసగా తుమ్మి, తువ్వాలుతో ముక్కు తుడుచుకుని, లోపలి కుర్చీ వంక ఆశగా చూసి, ఫోను మీద వేలు పెట్టి, తీసేశాడు.

"ఎంతైంది బాబాయ్‌గారూ?" రాగసుధ వెనకనుంచి తొంగి చూసింది. "అమ్మో! నాదానికన్నా చాలా ఎక్కువే."

"మరేమనుకున్నావు సుధమ్మా!"

"ఇంత పెట్టుకుని నొక్కలేదేం?"

"ఇంకాస్త రానీ."

"మిర్చి కాదు బాబాయ్‌గారూ అది, ఈగలు."

పదకొండింటికి ఆ పిల్ల ఆయన కళ్లెదుటే తన ఫోనులో 'గూడు ఖాళీ' నొక్కేసింది. శుక్రవారం నుంచి అది ఎన్నోసారో ఆమెకే లెక్క లేదు. తెర మీద సున్నా. త్యాగరాజు కుర్చీలోంచి సగం లేచాడు.

"అయ్యయ్యో, అంతా పోగొట్టుకున్నావు కదమ్మా!"

"పోతే పోయింది. మళ్లీ రాదా?"

వచ్చింది. వద్దన్నా వచ్చింది. బిల్లు కొడుతూ ఒక చేత్తో గూళ్లు కొంటుంటే సున్నా వేలయింది, వేలు కోట్లయ్యాయి. పన్నెండు కాకముందే త్యాగరాజు సరుకును దాటి పోయింది. త్యాగరాజు అంకె మటుకు నిండు గర్భిణిలా మెల్లగా కదులుతోంది.

అప్పుడు షీటు తెరిచాడు. గడిలో సమాధానం మారింది: ఇప్పుడు నొక్కితే ఆమె వేగానికి రెట్టింపు. కానీ ఆమెను దాటేది ఒంటిగంట రెండు నిమిషాలకి.

రెండు నిమిషాలు! ఎక్కడో ఒక చోట మిగల్చవచ్చు. కళ్లు మూసుకుని 'గూడు ఖాళీ' నొక్కాడు. 'నిజంగానా?' అని అడిగింది ఆట. యార్డంతా వినబడేలా "నిజంగానే!" అని మళ్లీ నొక్కాడు.

ఇక చూడాలి ఆ వైభవం. నాలుగుసార్లకు మించి తెరను ఎన్నడూ తట్టని త్యాగరాజు రెండు బొటనవేళ్లతో తడుతున్నాడు. ఈగ, గూడు, తోట, మళ్లీ గూడు. రైతు ఒకాయన వచ్చి చీటీ అడిగితే "ఇరవై అయిదో గూడు కొన్నాక" అన్నాడు. తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని మింగేశాడు. తుమ్మును మింగిన మొనగాడు ఈ జిల్లాలో ఆయనకు ముందు లేడు. అంకె లేచింది. ఆమె అంకెలో పదో వంతు, పావు, సగం.

"ఒంటిగంట!" జక్రయ్య కాటా దగ్గర్నుంచి చేతులు దులుపుకుంటూ వచ్చాడు. రెండు ఫోన్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. రాగసుధదే ఎక్కువ. చిటికెన వేలంత తేడా.

"చదువు జక్రయ్యా" అంది రాగసుధ.

జక్రయ్య వంగి చూశాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూశాడు.

"చదవను."

"ఏం?"

"అంకె నిలబడలేదమ్మా. పరిగెడతా ఉంది. కాటా నిలబడకుండా తూకం చెప్పే అలవాటు నాకు లేదు. బస్తా ఊగుతుంటే ఎవరైనా చదువుతారా?"

త్యాగరాజు ప్రాణం లేచొచ్చింది. "న్యాయం! నిలబడాలి మరి! ముట్టుకోకండి ఎవరూ!"

"ఇది ఎప్పటికీ నిలబడదు జక్రయ్యా, దీని పనే అది" అంది రాగసుధ.

"అయితే ఎప్పటికీ చదవను. నాకేం తొందర?"

వాదన నడుస్తుండగానే త్యాగరాజు అంకె ఆమె అంకెను తాకింది. దాటింది. ఒంటిగంట దాటి రెండు నిమిషాలు, షీటు చెప్పినట్టే. ఆయన లేచి నిలబడి, కూలరు వైపు సగం దూరం నడిచాడు కూడా.

"ఒక్క నిమిషం బాబాయ్‌గారూ." రాగసుధ పక్క బల్ల గుమస్తా షమీమ్ చేతిలోంచి ఫోను అందుకుని, అందులో ఒక ఫోటో చూపించింది. రెండు ఫోన్లూ పక్కపక్కన, రెండు అంకెలూ, పై మూలన ఒంటిగంట. "ఒంటిగంటకే షమీమ్ చేత తీయించాను. చూడు జక్రయ్యా, ఇది కదులుతోందా?"

షమీమ్ నవ్వు ఆపుకుంటూ అటు తిరిగాడు. జక్రయ్య ఫోటోను దగ్గరగా, దూరంగా, అడ్డంగా పట్టి చూశాడు. చెవి దగ్గర కూడా పెట్టుకున్నాడు.

"కదల్లేదు. నిలబడింది" అని రాగసుధ అంకె పైకి చదివి వినిపించాడు. "సుధమ్మది ఎక్కువ. కుర్చీ సుధమ్మది."

జక్రయ్య తూకానికి మళ్లీ తూకం లేదు. మింగిన తుమ్ము అప్పుడు బయటికొచ్చింది. పక్క దుకాణంలో మిషను కాటా ఓ అరకిలో ఎక్కువ చూపించిందట.

"ఏమనుకోకండి బాబాయ్‌గారూ" అంది రాగసుధ, కూలరు ముందు కుర్చీలో ఒకసారి గుండ్రంగా తిరిగి. "పదింటికే నొక్కుంటే నేనెక్కడ, మీరెక్కడ?"

"తెలుసమ్మా. షీటు చెప్పింది."

"మరి?"

"షీటుది తప్పేం లేదు. దాన్ని రాసినప్పుడు నేనొక విషయం వదిలేశాను."

త్యాగరాజు గుమ్మం పక్కన కూర్చుని, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, షీటు తెరిచాడు. రాబడికీ, ఖర్చుకీ మధ్య కొత్త వరస ఒకటి చేర్చి, పైన బొద్దక్షరాల్లో 'త్యాగరాజు ఆలస్యం' అని పేరు పెట్టాడు. అందులో రెండు గంటలు వేశాడు. వెంటనే ఎర్ర గడి పది నుంచి ఎనిమిదికి జరిగింది.

"సుధమ్మా," అని లోపలికి కేకేశాడు, "కూలరు వేసవి దాకానే కదా పనికొచ్చేది. నాకు కావాల్సింది గుమ్మానికి దూరం. వానాకాలంలో మళ్లీ పెట్టుకుందాం పందెం."