ఫోటోల్లో ఏరిన పెట్ట

మా అత్తమ్మ నన్ను ఫోటో చూసి ఏరుకుందని మా చుట్టాలందరికీ తెలుసు. పెళ్లైన కొత్తలో ఇంటికి ఎవరొచ్చినా ఆమె ఆ కథే మొదలుపెట్టేది. "బొచ్చెడు ఫోటోలు అచ్చినయ్. గీ పిల్లది సూడంగనే నేనన్న, గిదే మా కోడలని." నేను చాయ్ కప్పులు అందిస్తూ లోపల్లోపల మురిసిపోయేదాన్ని. ఆ మురిపెం పన్నెండేళ్లు నడిచింది. దాన్ని ఆఖరికి చెడగొట్టింది ఒక కోడిపెట్ట.

సెల్‌ఫోన్లకు కెమెరాలు కొత్తగా వస్తున్న రోజులవి. శామీర్‌పేట దగ్గర మా ఇల్లు. అత్తమ్మ నీళ్ల తొట్టి దగ్గర జారిపడి, కాలికి సిమెంటు కట్టుతో మంచం మీద ఉంది. నోటికి మాత్రం ఏ కట్టూ లేదు. అదే వారంలో వీధికుక్క ఒకటి దొడ్లోకి దూరి ఆమె నల్లపెట్టను ఎత్తుకుపోయింది. ఇంట్లో చావు జరిగినంత పని చేసింది అత్తమ్మ. తప్పు లేదు. ఆమె పుట్టిల్లు కీసర దిక్కు. అన్నదమ్ములు పొలం అమ్మారు, పెరడు అమ్మారు, చివరికి ఇల్లూ అమ్మారు. ఇప్పుడక్కడ తెల్లరాళ్లు పాతిన ప్లాట్లు తప్ప ఏమీ లేవు. పెళ్లినాడు వాళ్లమ్మ గంపలో పెట్టి పంపిన కోళ్ల సంతతిలో మిగిలింది ఆ నల్లపెట్ట ఒక్కటే.

పోయేముందు అది పెట్టిన గుడ్లు వడ్ల పొట్టు పోసిన కుండలో ఉన్నాయి. దొడ్లో బయట కొన్న పుంజు ఒకటి ఉంది కాబట్టి అవి పిల్లలయ్యే గుడ్లే. నాలుగు రోజుల్లో పొదగేద్దామనుకుంది అత్తమ్మ. ఇప్పుడు పొదిగే తల్లి లేదు. గుడ్లు వారం, పది రోజులు దాటితే పిల్లలవుతాయన్న నమ్మకం లేదు. చుట్టుపక్కల ఇళ్లలో అడిగితే అందరూ కోళ్లు పెంచడం మానేసి బాయిలర్ చికెన్‌కు మళ్లినవాళ్లే.

"ఒక మంచి పెట్టను జల్దీ తెండిర్రా. మా అమ్మ కోళ్లు నాతోనే ఖతమైతయా ఏంది?" అని కన్నీళ్లు పెట్టుకుంది.

మా మరిది ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. బౌరంపేట నుంచి కీసర దాకా రోజూ బండి మీద తిరుగుతాడు. "అమ్మా, నువ్వు పరేషాన్ గాకు. ఫోటోలు కొట్టుకొస్త, నువ్వే సూశి పసంద్ జెయ్యి" అన్నాడు. అతనికి అన్నీ ప్లాట్లే. ఈశాన్యం దిక్కు నుంచి, సాయంత్రపు ఎండలో, పక్కనున్న మురుగు కాలువ కనపడకుండా ఫోటో తీయడం అతని వృత్తి. ఫోను తెరలో అత్తమ్మకు ఏమీ ఆనదని మేడ్చల్‌లో స్టూడియోకు వెళ్లి కాగితం మీద వేయించి మరీ తెచ్చాడు. దానికో రోజు పోయింది.

అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, ఫోటోలను దుప్పటి మీద పరిచి, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు కూర్చుంది. నవ్వు ఆపుకోవడం నా తరం కాలేదు.

"గీ పుంజు ఎందుకు తెచ్చినవ్‌రా? పుంజు గుడ్ల మీద కూసుంటదా?"

"మస్తుగున్నదని కొట్టినమ్మా."

పుంజు నిజంగానే బాగుంది. ఛాతీ ముందుకు, తోక పైకి, రెండు కాళ్ల మీద సమానంగా బరువు. తల మీది జుట్టు, అదే తురాయి, మందార రంగులో ఉంది. పంచాయతీ ఎన్నికలప్పుడు ఓట్లడగడానికి వెళ్తే మా మరిది అచ్చం అలాగే నిలబడతాడు. అత్తమ్మ దాన్ని పక్కన పెట్టింది.

తర్వాతి పెట్ట కంటి మూలలో నురగ ఉంది. "సర్దివట్టింది, అద్దు." ఇంకోదాని రెక్కలు కిందికి వేలాడుతున్నాయి, కళ్లు సగం మూసుకుపోయాయి. "గిది రేపో మాపో పోతది." మరొకటి ఈకలు నిగనిగలాడుతూ మెరిసిపోతోంది. అత్తమ్మ ఫోటోను ముక్కు దాకా తెచ్చుకుని, "నీళ్లు జల్లిండు దొంగ! నేల సూడు, తడిగున్నది" అంది. ఇంకొకదాన్ని యజమాని చంకలో పెట్టుకుని పళ్లికిలించాడు. "కోడిని నిలవెట్టి సూపియ్యకుంట గిట్ల వట్టుకున్నడంటె కాలుల ఏదో ఉన్నది. నువ్వు ప్లాట్లమ్ముతవ్ గదరా, గీమాత్రం తెల్వదా?" మరిది ఆ ఫోటోను తనే బోర్లా తిప్పి పెట్టాడు. ఆ నిమిషం నాకు పండగే.

ఇంకో ఫోటోలో బూడిదరంగు పెట్ట పాత టైరులో చతికిలబడి ఉంది. జుట్టు చిన్నగా ముడుచుకుని పాలిపోయింది, ఈకలన్నీ ఉబ్బి ఉన్నాయి. "రోగం కోడి" అని మంచం కిందికి విసిరేసింది.

చివరికి ఏరిన ఎర్రపెట్టలో వంక పెట్టడానికి ఏమీ లేదు. గుండ్రటి మెరిసే కన్ను, ఒంటికి అతుక్కున్న ఈకలు, ఎర్రెర్రటి జుట్టు, నిటారుగా నిలబడిన తీరు. మరిది మర్నాడే తెచ్చాడు. ఫోటోలో ఉన్నట్టే ఉంది. గంప కింద గుడ్లమీద కూర్చోబెట్టాం. గంప తీయగానే ఎగిరి దూకి, పెంటకుప్ప మొత్తం చెదరగొట్టి, గోడెక్కింది. మళ్లీ పట్టి కూర్చోబెడితే ఒక గుడ్డును కాలితో తన్ని పగలగొట్టింది. మర్నాడు పొద్దున తాపీగా తనే ఒక కొత్త గుడ్డు పెట్టి, ఊరంతా వినపడేలా అరిచింది.

ఆ అరుపు వినగానే అత్తమ్మ నెత్తి మీద ఠపీమని కొట్టుకుంది.

"అయ్యో, నా బుద్ధి గడ్డి దిన్నది! జుట్టు గింత ఎర్రగున్నదంటె గుడ్లు వెడుతున్నట్టు గద. గుడ్లు వెట్టేది పొదుగుతదా? గా ఫోటో యాడున్నదే, నేను పారేసింది?"

మంచం కింద దూరి తీసిచ్చాను. బూడిదరంగు పెట్ట. ఇప్పుడు ఇద్దరం కలిసి చూశాం. జుట్టు పాలిపోయింది నిజమే, ఈకలు ఉబ్బింది నిజమే. కానీ కన్ను సగం మూసుకుపోలేదు. గుండ్రంగా, శుభ్రంగా, తెరుచుకుని, ఫోటో తీస్తున్న మరిదిని నమిలి మింగేలా చూస్తోంది. రోగంతో కాదు, కోపంతో ఉబ్బింది.

"పొదుగు మీదున్నదే గిది, గుడ్ల కోసమే కూసున్నది! ఇన్నేండ్లు కోళ్లతోని బతికిన. ఎదురుంగ ఉంటె కడుపు కింద చెయ్యి వెడుదును, కుర్రుమని పొడిస్తె తెలుసుకుందును. కాయితం ఏం పొడుస్తది, నా కర్మ!"

మరిదిని అన్నం మధ్యలోంచి లేపి పంపాం. సాయంత్రానికి ఆ పెట్టతో, చేతినిండా గాట్లతో వచ్చాడు. "వదినె, వాడు గీ కోడిని దినాం నీళ్ల డ్రమ్ముల ముంచుతుండంట. గుడ్లు వెట్టకుంట ఊకె కూసుంటున్నదని. రేపు కోసుకుందామనుకున్నడంట" అన్నాడు. చీకటి పడుతుండగా గదిమూల గంపలో గడ్డి పరిచి, గుడ్లు పెట్టి, దాన్ని వదిలాం. అది ఒకసారి మమ్మల్ని తిట్టి, గుడ్లను ముక్కుతో ఒక్కొక్కటే లోపలికి లాక్కుని, వాటి మీద పరుచుకుంది. అత్తమ్మ మంచం మీదనుంచే చేతులు జోడించింది.

మూడు వారాల తర్వాత కిచకిచలు వినిపించాయి. సగానికి పైగా పగిలాయి, వాటిలో మూడు నల్లవి. అప్పటికి కట్టు విప్పారు. అత్తమ్మ కుంటుకుంటూ వచ్చి గంప పక్కన కూర్చుని ఒక నల్లపిల్లను చెంపకు ఆనించుకుంది. వాళ్లమ్మను తలుచుకుని ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, నావైపు చూడకుండానే అంది.

"నీ ఫోటో గూడ గిట్లనే పారేసిన."

"ఏంది?"

"మొఖం ఉబ్బిచ్చుకోని, గుడ్లురిమి సూస్తున్నవ్ అండ్ల. పిల్ల బీమారున్నదన్న. మీ మామనే మల్ల తీశి ముంగట వెట్టిండు, పోయి ఎదురుంగ సూశొద్దాం పా అని."

ఆ ఫోటో తీసిన నాడు పెళ్లొద్దని పొద్దుటినుంచి ఏడ్చి ఉన్నాను. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మామయ్య పోయి అప్పటికి రెండేళ్లు. బతికుండగా ఆయన ఈ మాట ఒక్కసారి కూడా అనలేదు. చాయ్ తాగుతూ అత్తమ్మ చెప్పే కథ విని మీసాల్లో నవ్వుకునేవాడు, అంతే. ఆయనకు ఒక్క ముద్ద ఎక్కువ వడ్డించి ఉండాల్సిందనిపించింది.

"మరి ఊరందరికి నువ్వే ఏరినవని చెప్పినవ్ గద?" అన్నాను.

అత్తమ్మ నల్లపిల్లను తల్లి రెక్క కిందికి నెట్టి, అది పొడిచిన వేలిని నోట్లో పెట్టుకుంది.

"కోడలు మంచిగెల్లినంక, నేను ఏరలేదని ఎవ్వలన్న చెప్పుకుంటరా?"